చేర్యాల తీరు మాస్కుల జత: 450కి ఎందుకు గిట్టదు, 699 ఎట్లా వస్తుంది

"అన్నా, మాది హన్మకొండ. చింతగింజల లప్పం, కట్టెపొట్టుతోటి చేర్యాల తీరు మాస్కులు చేస్త, మగ ముఖం, ఆడ ముఖం జతగా. ఒక్కోటి 15 సెంటీమీటర్ల పొడుగు, 11 వెడల్పు, 5 మందం. జత బరువు 400 గ్రాములు. డబ్బా 30×22×14 ఉంటది. జత 450కి ఆన్‌లైన్ల పెట్టిన, డెలివరీ ఫ్రీ. జీఎస్టీ నంబరు లేదు, ఎన్‌రోల్‌మెంట్ నంబరు మీద తెలంగాణల వరకే అమ్ముతున్న. కమీషన్ 12 శాతం, పేమెంట్ ఫీజు 2 శాతం, ఆర్డరుకు 20 రూపాయల ఫీజు, వీటి మీద జీఎస్టీ, డెలివరీకి 155 పట్టుకొని ఖాతాల 197 వేస్తున్నరు. 20 జతల సామానుకు 1,440 అయింది, అంటే జతకు 72. మిగులుతున్నట్టే ఉంది గని చేతిల పైసలు కనబడతలేవు. ధర ఎంత పెట్టాలె?"

చెల్లె, 699 పెట్టు. కానీ ధర కంటే ముందు డబ్బా మార్చు. ఇప్పుడున్న డబ్బాతోనే అమ్మితే 773 దాకా పెట్టాల్సి వస్తుంది, అది కొనేవాళ్లకూ బరువే. ఈ రెండు అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో వరుసగా చెప్తాను. నీ కూలి లెక్క, మీ ప్లాట్‌ఫామ్ రేటు కార్డు వేరేగా ఉంటే నా అంకెల చోట నీవి వేసుకో, పద్ధతి అదే.

ముందు ఆ 197 సంగతి. జతకు సామాను నిజంగా 80 పడుతోంది, ఎందుకో కింద చెప్తాను. డబ్బా, టేపు, చుట్టే కాగితం కలిపి 45 అనుకో. కుంచెలు, అచ్చులు, కరెంటు, ఫోన్ ఖర్చు జతకు 15. మొత్తం 140 పోతే 57 మిగులుతుంది. చేసే పనికి రెండున్నర గంటలు, ప్యాక్ చేసి అప్పజెప్పడానికి ఇంకో పావుగంట. అంటే గంటకు 21 రూపాయలు కూడా పడట్లేదు. "మిగులుతున్నట్టే ఉంది" అని ఎందుకు అనిపిస్తుందంటే 197లోంచి 72 మాత్రమే తీసేసి చూస్తున్నావు. నీ చేతిలో ఉండాల్సిన కూలి డబ్బా, టేపు, కుంచెల్లోకి పోతోంది.

ఇక సామాను. 1,440ని 20తో భాగించావు. కానీ 20 జతలకు లప్పం కలిపితే 20 జతలూ అమ్మకానికి రావు. కొన్ని ఆరేటప్పుడు వంకర పోతాయి, కొన్నింటికి ముక్కు పక్కన నెర్రె పడుతుంది, కొన్నింటికి సుద్ద పూత పెచ్చులు లేస్తుంది. 40 మాస్కులు వేస్తే 36 నిలిచాయనుకో, అవి 18 జతలు. 1,440ని 18తో భాగిస్తే 80. భాగించాల్సింది ఎన్ని మొదలుపెట్టావో దానితో కాదు, ఎన్ని అమ్మదగినవి తేలాయో దానితో. వానాకాలంలో ఈ తేడా ఇంకా పెరుగుతుంది. చింతగింజల లప్పం గాలిలో తేమను పీల్చుకుంటుంది, పైపైన ఆరినట్టే ఉండి లోపల పచ్చిగా ఉంటుంది, దాని మీద రంగు వేసి డబ్బాలో పెడితే కొన్నవాళ్లింట్లో బూజు పడుతుంది. ఆ భయానికి ఎర్రటి ఎండలో పెడితే పైపొర ముందు బిగుసుకుని నెర్రెలిస్తుంది. అట్లా ఒక వాయిలో 15 జతలే దక్కితే సామానే జతకు 96 అవుతుంది. అందుకని ఒక్క వాయి చూసి ధర కట్టొద్దు. ఎండాకాలంలో రెండు, వానాకాలంలో రెండు వాయిలు రాసిపెట్టుకుని వాటి సగటు తీసుకో. ధర నెలనెలా మార్చడం కంటే అదే మేలు.

కూలి దగ్గర అందరూ తప్పు చేసేది ఒక్కచోటే, ఆరే సమయాన్ని పనిలో కలిపేస్తారు, లేదా అసలు పనినే లెక్కేయరు. లప్పం రెండు రోజులు ఆరుతుంటే ఆ రెండు రోజులు నీకు కూలి రాదు. చేయి పెట్టిన గంటలే లెక్క. 18 జతల వాయికి ఒక కాగితం మీద రాసుకుంటే సుమారుగా ఇట్లా తేలుతుంది: గింజలు రుబ్బి, ఉడికించి, పొట్టుతో పిసకడానికి 5 గంటలు, అచ్చు మీద వేసి తీర్చడానికి 8, గీకి నున్నగా చేయడానికి 7, సుద్ద పూతకు 4, రంగులకూ కళ్లు, బొట్టు, నగల గీతలకూ 18, వార్నిష్, కొక్కెం పనికి 3. మొత్తం 45 గంటలు, జతకు రెండున్నర. దీంట్లో పగిలిపోయిన మాస్కుల మీద పెట్టిన పని కూడా ఉంది, ఉండాలి కూడా.

గంటకు ఎంత అన్నది నువ్వు నిర్ణయించుకోవాల్సిందే. దానికి ఒక సూటి ప్రశ్న ఉంది: రేపు ఒక్కసారే 50 జతల ఆర్డర్ వచ్చి, ఈ పని తెలిసిన మనిషిని పిలిస్తే రోజుకు ఎంతకు వస్తారు? ఆ కూలి నీ ధరలో లేకపోతే ఆ ఆర్డర్ ఒప్పుకోలేవు. నేను 8 గంటల రోజుకు 640, అంటే గంటకు 80 వేశాను. రెండున్నర గంటలకు 200. ప్యాకింగ్‌కు పావుగంట, 20. ఇంట్లోనే చేస్తున్నాం కదా అని ఈ 20ని వదిలేయకు. రోజుకు ఎనిమిది ఆర్డర్లు వచ్చిననాడు రెండు గంటలు దాంట్లోనే పోతాయి.

అప్పుడు సామాను 80, కూలి 200, కుంచెలు కరెంటు వగైరా 15, ప్యాకింగ్ సామాను 45, ప్యాకింగ్ కూలి 20. మొత్తం 360. గడప దాటే ముందు జత మీద పడ్డ ఖర్చు ఇది.

ఇక డబ్బా. నీ సొమ్ము ఎక్కువగా కారిపోతున్నది ఇక్కడే. జత 400 గ్రాములే అయినా కొరియర్ వాళ్లు త్రాసు మీది బరువు ఒక్కటే చూడరు. డబ్బా పొడుగు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి సాధారణంగా 5000తో భాగిస్తారు, దాన్ని ఘనపరిమాణ బరువు అంటారు. త్రాసు బరువు, ఈ బరువు, రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే చార్జీ. పైగా అది అర కిలో అర కిలోగా పైమెట్టుకు పోతుంది. నీ 30×22×14 డబ్బా 9,240 ఘన సెంటీమీటర్లు, 5000తో భాగిస్తే 1.85. అది 2 కిలోల మెట్టు. నువ్వు 400 గ్రాముల మాస్కులు పంపుతూ 2 కిలోలకు 155 కడుతున్నావు, ఆ 2 కిలోల్లో సగానికి పైగా ఖాళీ గాలే.

నీ మాస్కుల కొలతలు చూస్తే కిలో మెట్టులో పట్టించవచ్చు. రెండు మాస్కులనూ పక్కపక్కన కాకుండా వీపుకు వీపు ఆనించి పెట్టు. రెండింటి మధ్య ఒక అట్టముక్క. మాస్కు వెనక గుంటగా ఉంటుంది కాబట్టి ఆ గుంటలో నలిపిన కాగితం గట్టిగా కూరు, లేకపోతే పైనుంచి బరువు పడ్డప్పుడు చెంప దగ్గర పగులుతుంది. ముఖం వైపు ముందు పల్చటి బటర్ పేపర్, దాని మీద బబుల్ షీట్. బబుల్‌ను నేరుగా వార్నిష్ మీద చుడితే ఎండకు వేడెక్కిన బండిలో గుండ్రటి మచ్చలు అచ్చు పడతాయి, కొన్నవాళ్లు దాన్ని పాత సరుకు అనుకుని వాపసు పంపుతారు. అన్ని వైపులా 2 సెంటీమీటర్ల మెత్త ఉంటే చాలు. లోపల 19×15×14 కావాలి. మూడు పొరల అట్ట మందం కలిపి బయట 20×16×15 అవుతుంది. అది 4,800, అంటే 0.96. ప్యాకింగ్‌తో కలిపి త్రాసు బరువు కూడా కిలో దాటదు. కాబట్టి కిలో మెట్టు. ఆ మెట్టుకు మీ రేటు కార్డులో ఎంతుందో చూడు. నేను జీఎస్టీతో కలిపి 95 వేస్తున్నాను.

ఈ కొలతలో రెండు జాగ్రత్తలున్నాయి. కొలవాల్సింది లోపల కాదు, టేపు వేశాక బయట. ఇంకొకటి, పైమూత కింద మెత్త ఎక్కువ కుక్కితే డబ్బా బొజ్జలా ఉబ్బుతుంది. ఎత్తు 15 కాస్తా 16 అయితే 5,120 అవుతుంది, కిలో దాటి కిలోన్నర మెట్టులో పడుతుంది. ఒక్క సెంటీమీటర్ ఉబ్బుకు అర కిలో చార్జీ. కొరియర్ గోదాంలో యంత్రమే కొలుస్తుంది, నువ్వు రాసిన కొలతను అది పట్టించుకోదు. తేడా వస్తే డెలివరీ అయిపోయిన తర్వాతి వారం నీ ఖాతాలో కోత పడుతుంది. అందుకే కొత్త డబ్బా రాగానే మూడు వైపులా కొలత టేపు పెట్టి, త్రాసు మీద పెట్టి ఫోటోలు తీసి దాచుకో. తప్పు కోత పడితే వాళ్లిచ్చిన గడువులోపల ఆ ఫోటోలు పెట్టి అభ్యంతరం చెప్పాలి, గడువు దాటాక ఎవరూ వినరు.

చిన్న డబ్బాలో పగులుతాయేమో అన్న భయం ఉంటే ఒక జతను, అమ్మకానికి పనికిరానిదే తీసుకుని, ప్యాక్ చేసి నడుమెత్తు నుంచి గచ్చు మీద వదులు. ఆరు వైపులా, రెండు మూలల మీద. ముందుగా చెవి దగ్గర ఊపి చూడు, లోపల కదిలిన చప్పుడు వస్తే ఎత్తు నుంచి వేయనక్కర్లేదు, అది దారిలో పగిలేదే. పెద్ద డబ్బాలో పగలడానికి కారణం కూడా ఇదే. ఖాళీ ఎక్కువ, కాగితం ప్రయాణంలో అణిగిపోతుంది, మాస్కు అటూ ఇటూ కొట్టుకుని ముక్కు కొస, కొప్పు, చెవులు ముందు పోతాయి.

డబ్బా సంగతి తేలింది కాబట్టి డెలివరీకి పట్టే 95ని ఖర్చులో కలుపు. ఆర్డరు ఫీజు 20, దాని మీద 18 శాతం జీఎస్టీ, 24 అనుకో. 360, 95, 24 కలిపి 479.

దీనికి ఇంకొకటి చేర్చాలి, వాపసులు. క్యాష్ ఆన్ డెలివరీలో కొందరు తలుపు తీయరు, ఫోన్ ఎత్తరు, డబ్బా తిరిగి నీ ఇంటికే వస్తుంది. 50 ఆర్డర్లలో 3 అట్లా తిరిగొచ్చాయి, 1 పగిలి వచ్చింది అనుకుందాం. తిరిగొచ్చిన దానికి పోను 95, రాను 95, మళ్లీ ప్యాక్ చేయాలి కాబట్టి 65, మొత్తం 255. మూడింటికి 765. పగిలిన దానికి సరుకు 295, ప్యాకింగ్ 65, రానుపోను 190, మొత్తం 550. రెండూ కలిపి 1,315. దీన్ని 50తో భాగించొద్దు. ఈ నష్టం మోయాల్సింది నిజంగా డబ్బు తెచ్చిన 46 ఆర్డర్లు. ఒక్కోదానికి 29 పడుతుంది. 479కి 29 కలిపితే 508. తిరుగు చార్జీ వసూలు చేయని ప్లాట్‌ఫామ్ అయితే నీకు ఇది తగ్గుతుంది, నీ సొంత 50 ఆర్డర్ల లెక్క వచ్చాక ఈ అంకెను సరిచేసుకో.

ఇప్పుడు అసలు కిటుకు. కమీషన్ 12, పేమెంట్ ఫీజు 2, కలిపి 14 శాతం. దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే 16.5 శాతం. జీఎస్టీ నంబరు లేనిదానివి కాబట్టి ఆ పన్ను నీకు తిరిగిరాదు, పూర్తిగా ఖర్చే. దీనికి లాభం 10 శాతం చేర్చితే 26.5. చాలామంది ఇక్కడ 508కి 26.5 శాతం కలిపి 643 అని రాసేస్తారు. కానీ ప్లాట్‌ఫామ్ వాళ్లు తమ శాతాన్ని నీ ఖర్చు మీద తీయరు, అమ్మిన ధర మీద తీస్తారు. 643లో 16.5 శాతం అంటే 106. మిగిలింది 537. దాంట్లో 508 పోతే 29 రూపాయలు. పది శాతం లాభం అనుకున్నది నాలుగున్నర శాతం అయింది. దాని మీద పండగ కూపన్ అని 5 శాతం తగ్గిస్తే మిగిలేది 2 రూపాయలు.

కలపడం కాదు, భాగించాలి. ధరను 100 అనుకుంటే అందులో 26.5 వాళ్లకూ లాభానికీ పోతుంది, మిగిలిన 73.5 నీ 508కి సరిపోవాలి. కాబట్టి 508ని 0.735తో భాగిస్తే 691. దాన్ని 699 చేశాను. సరిచూద్దాం: 699లో 16.5 శాతం 115, మిగిలింది 584, 508 పోతే 76 లాభం, పది శాతానికి కాస్త పైనే. ఫోన్‌లో షీట్ వాడుతుంటే ఈ రెండు సూత్రాలు చాలు. మొదటిది డబ్బా బరువు మెట్టుకు, A1, A2, A3 గడుల్లో బయటి కొలతలు వేయాలి. రెండోది ధరకు. B1లో 360, B2లో 95, B3లో 24, B4లో 29, B5లో 0.165, B6లో 0.10.

```
=CEILING(A1*A2*A3/5000, 0.5)
=(B1+B2+B3+B4)/(1-B5-B6)
```

పాత డబ్బాతో B2లో 155 వేసి చూడు, 773 వస్తుంది. డెలివరీలో పెరిగింది 60 రూపాయలే, ధరలో పెరిగింది 82. ఎందుకంటే ఆ 60 మీద కూడా కమీషన్ పడుతుంది, లాభం శాతమూ పడుతుంది. "డెలివరీ ఫ్రీ" అన్నప్పుడల్లా ఇది గుర్తుంచుకో. ఆ చార్జీ ధరలో దాగి కూర్చుంటుంది, కమీషన్ పడ్డాక పెద్దదవుతుంది. డెలివరీ విడిగా చూపిస్తే బాగుంటుందా అంటే, కొన్ని చోట్ల కొన్నవాళ్లు కట్టిన డెలివరీ మీద కూడా కమీషన్ తీస్తారు. మీ ఒప్పందంలో ఆ మాట ఉందో లేదో చదివాకే మార్చు.

లాభం పది శాతం ఎందుకు, కూలి వచ్చేసింది కదా అనిపించవచ్చు. కూలి నువ్వు చేసిన పనికి. ఆ పది శాతం పాడైపోయిన అచ్చు మళ్లీ కొనడానికి, సరుకు కదలని రెండు నెలలకు, తర్వాతి వాయి సామాను అప్పు లేకుండా తేవడానికి. ఈ రెంటినీ ఒకే సంచిలో వేస్తే, అమ్మకం బాగున్న నెలలో కూలితో పాటు అది కూడా ఇంటి ఖర్చులోకి పోయి, మళ్లీ చింతగింజలు కొనడానికి చేబదులు అడగాల్సి వస్తుంది.

ఇంకొక అంకె గోడ మీద రాసి పెట్టుకో: 609. లాభం సున్నా అయ్యే ధర అది, 508ని 0.835తో భాగిస్తే వస్తుంది. ప్లాట్‌ఫామ్ వాళ్లు బతుకమ్మకో దీపావళికో సేల్ అని ఇంత తగ్గించండి అని అడుగుతారు. 699 మీద 10 శాతం తగ్గిస్తే 629, నీకు లాభం 17 మాత్రమే. 13 శాతం దగ్గరే నీ 609 వచ్చేస్తుంది. 20 శాతం సేల్‌లో చేరితే తగ్గింపు ఇచ్చేది నీ కూలిలోంచే. సేల్‌లో నిజంగా ఉండాలనుకుంటే ముందే ధర ఎక్కువ రాసి తగ్గించినట్టు చూపించే దారి నాకు నచ్చదు, నాలుగు నెలలుగా చూస్తున్న కొనుగోలుదారు దాన్ని పట్టేస్తారు. దానికంటే రెండు జతలు కలిపిన సెట్ పెట్టడం మేలు.

ఆ సెట్ లెక్క ఆసక్తికరంగా ఉంటుంది. రెండు జతలను 29×20×15 డబ్బాలో పట్టించవచ్చు. 8,700, అంటే 1.74, కాబట్టి 2 కిలోల మెట్టు, 155. సరుకు 590, ప్యాకింగ్ 85, డెలివరీ 155, ఆర్డరు ఫీజు 24, వాపసుల కింద 45. మొత్తం 899, 0.735తో భాగిస్తే 1,223. జతకు 612 మాత్రమే పడింది, నీ కూలీ లాభం రెండూ చెక్కుచెదరలేదు. తగ్గింది డెలివరీ, ఫీజులు, ప్యాకింగ్‌లలో. 1,249 అని పెట్టినా కొనేవాళ్లకు విడిగా రెండు జతలు కొనడం కంటే 149 తక్కువ.

దీనికి తిరగేసి చూస్తే ఒక్క మాస్కును విడిగా పెట్టడం ఎందుకు దండగో తెలుస్తుంది. సామాను 40, కూలి 100, ఇతరాలు 8, ప్యాకింగ్ 55. డబ్బా 20×16×10 అయినా 0.64 వస్తుంది, అర కిలో దాటింది కాబట్టి మళ్లీ కిలో మెట్టే, అదే 95. ఫీజు 24, వాపసులకు 25. మొత్తం 347, ధర 472. జత 699కి దొరుకుతుంటే ఒక్క ముఖానికి 472 ఎవరూ పెట్టరు. పోటీ చూసి 299 పెట్టావనుకో, ప్లాట్‌ఫామ్ శాతం, డెలివరీ, ఫీజు పోగా 131 వస్తుంది. వాపసులు లెక్కేయకుండానే అది సామాను, ప్యాకింగ్, ఇతరాలు పోను 28కి దిగుతుంది. అది గంటంపావు పనికి. సింగిల్ మాస్కు లిస్టింగ్ ఉంటే తీసేయ్.

జీఎస్టీ గురించి అడగలేదు గానీ ధరకు సంబంధం ఉంది కాబట్టి చెప్తాను. 2023 అక్టోబర్ 1 నుంచి నంబరు లేని చిన్న అమ్మకందారులు ఎన్‌రోల్‌మెంట్ నంబరుతో సొంత రాష్ట్రంలో ప్లాట్‌ఫామ్‌ల ద్వారా సరుకు అమ్ముకోవచ్చు, నువ్వున్నది ఆ దారిలోనే. బెంగళూరుకో పుణెకో ప్లాట్‌ఫామ్ ద్వారా పంపాలంటే నంబరు కావాలి. అప్పుడు ధర పెంచాల్సి వస్తుందని భయపడి చాలామంది ఆగిపోతారు. జీఎస్టీలో నీ వస్తువుకు ఉన్న కోడ్‌కు 5 శాతం పన్ను అనుకుంటే, 699లో పన్ను 33 రూపాయలు. కానీ రెగ్యులర్ నంబరు ఉంటే ప్లాట్‌ఫామ్ బిల్లుల మీద నువ్వు కట్టిన 18 శాతం క్రెడిట్‌గా వస్తుంది: కమీషన్, పేమెంట్ ఫీజు మీద 18, డెలివరీ మీద 14, ఆర్డరు ఫీజు మీద 4, దాదాపు 36. రెండూ దాదాపు సరిసమానం అయిపోయాయి, ధర మారనక్కర్లేదు. పెరిగేది రిటర్నులు వేయించే ఖర్చు, దూరం డెలివరీ చార్జీ. నెలకు 500 ఇచ్చి రిటర్న్ వేయిస్తూ 10 జతలే అమ్మితే జతకు 50 మీద పడుతుంది, 50 జతలు అమ్మితే 10. కాబట్టి రాష్ట్రంలోనే నెలకు ముప్పై నలభై దాటేదాకా ఆగు అని నా మాట. నీ కోడ్‌కు శాతం ఎంతో మాత్రం అకౌంటెంట్‌తో ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకో. నంబరు తీసుకున్నాక ప్లాట్‌ఫామ్ వాళ్లు టీసీఎస్ అని అర శాతం పట్టుకుంటారు. అది ఖర్చు కాదు, నీ జీఎస్టీ లెడ్జర్‌లోకే వస్తుంది, ధరలో కలపొద్దు. చేతికి రావడం కొంచెం ఆలస్యమవుతుంది, అంతే.

వాట్సాప్‌లో నేరుగా అడిగేవాళ్లకు తక్కువకు ఇవ్వాలా అని అడుగుతారు చాలామంది. సరుకు ధర 699 అనే ఉంచు. అక్కడ కమీషన్ లేదు కాబట్టి నీకు వంద పైన మిగులుతుంది, కానీ ఫోటోలు పంపడం, అడ్రస్ రాయించుకోవడం, పోస్టాఫీసుకు తిరగడం అన్నీ నీ మీదే పడతాయి. ముందుగా యూపీఐలో డబ్బు వేసినవాళ్లకు ఒక చిన్న బొమ్మో, బహుమతి ప్యాకింగో ఇవ్వు, ధర మాత్రం దించకు. వాట్సాప్‌లో 550కి ఇస్తున్నావని తెలిస్తే ఆన్‌లైన్ లిస్టింగ్‌లో ఎవరూ కొనరు. దుకాణం వాళ్లు 40 శాతం తగ్గింపు అడిగితే దాదాపు 420 వస్తుంది. ఒకే పెద్ద డబ్బాలో పది జతలు పంపితే ప్యాకింగ్ జతకు 15 దాటదు, సరుకు 295తో కలిపి 310. 110 మిగులుతుంది కాబట్టి ఒప్పుకోవచ్చు, డెలివరీ వాళ్లు పెట్టుకుంటే. అప్పు మీద మాత్రం ఇవ్వకు, వాపసు తీసుకుంటాననీ ఒప్పుకోకు.

450 నుంచి 699కి ఒక్కసారే ఎక్కితే పాత లిస్టింగ్ కింద సమీక్షల్లో 450 గుర్తున్నవాళ్లు అడుగుతారు. కొత్త ప్యాకింగ్‌తో, కొత్త ఫోటోలతో జతను కొత్త లిస్టింగ్‌గా పెట్టి, పాతదాన్ని ఉన్న స్టాకు అయిపోగానే ఆపేయ్. ఫోటోల్లో ఒకటి మాస్కు వెనక వైపుది, ఒకటి మనిషి చేతిలో పట్టుకున్నది ఉండాలి. 15 సెంటీమీటర్లు అని రాసినా ఫోటోలో పెద్దగా కనిపించి, చేతికొచ్చాక చిన్నగా ఉందని వాపసు పంపేవాళ్లు ఎక్కువ. మొదటి 50 ఆర్డర్లు అయ్యాక ప్లాట్‌ఫామ్ సెటిల్‌మెంట్ షీటు దించుకుని, డెలివరీ గడిలో 95 కాకుండా వేరే అంకె ఎన్నిసార్లు పడిందో లెక్కపెట్టు. ఐదుసార్లు దాటితే డబ్బా ఉబ్బుతున్నట్టే, పైమూత కింది మెత్త ఒక పొర తగ్గించి మళ్లీ కొలువు.